ఆరు-ఆరు తర్వాత సర్వీస్ ఎవరిది?

స్కోరు ఆరు-ఆరు అనగానే మన ఊళ్ళ క్లబ్బుల్లో ఆట కాసేపు ఆగుతుంది. డబుల్స్ ఆడుతున్న నలుగురూ నెట్ దగ్గరికి వస్తారు. "సర్వీస్ ఎవరిది?" అని ఒకరు, "సైడ్ మారాలా ఇప్పుడు?" అని ఇంకొకరు, "మొదట ఒక్కటే వెయ్యాలి, రెండు కాదు" అని మూడో ఆయన. అంతవరకూ పన్నెండు గేములు ఏ తగాదా లేకుండా సాగిన ఆట, సెట్టు తేలాల్సిన చోట వాదనలోకి దిగుతుంది. టీవీలో చూసేటప్పుడు ఈ సందేహాలు మనకు రావు. అక్కడ కుర్చీ మీద అంపైర్ ఉంటారు, స్కోరు ఆయనే పైకి చెబుతారు, సైడ్ మారాల్సిన చోట ఆయనే చూసుకుంటారు. సాయంత్రం ఆరున్నరకు లైట్లు వేసుకుని ఆడే క్లబ్బు కోర్టులో అంపైర్ ఉండరు. ఆడేవాళ్ళే ఆ పనీ చెయ్యాలి.

టై బ్రేక్ నియమాలు చూడ్డానికి గజిబిజిగా ఉన్నా, అన్నీ ఒకే లెక్క మీద నడుస్తాయి. ఇద్దరి స్కోరూ కలపాలి, ఆ మొత్తం సరి సంఖ్యా బేసి సంఖ్యా అని చూడాలి. సర్వీస్ ఎవరిది, ఏ పక్కనుంచి వెయ్యాలి, సైడ్ ఎప్పుడు మారాలి, పొరపాటు జరిగితే ఎలా సరిచెయ్యాలి అన్న నాలుగు ప్రశ్నలకూ ఆ మొత్తమే జవాబు చెబుతుంది. నాలుగు జవాబులూ విడివిడిగా బట్టీ పట్టే బదులు, ఆ లెక్క ఎందుకు అలా పెట్టారో తెలుసుకుంటే మళ్ళీ మర్చిపోవడం ఉండదు.

అసలు టై బ్రేక్ ఎందుకు వచ్చిందో ముందు రెండు మాటల్లో చూద్దాం. పూర్వం సెట్టు గెలవాలంటే రెండు గేముల తేడా ఉండి తీరాలి. ఆ తేడా వచ్చేదాకా సెట్టు సాగుతూనే ఉండేది. 1969 వింబుల్డన్‌లో పాంచో గొంజాలెస్, చార్లీ పాసరెల్ ఆడిన మ్యాచ్‌లో మొదటి సెట్టు ఒక్కటే 22-24 దాకా వెళ్ళింది. మధ్యలో చీకటి పడి, మిగిలింది మర్నాడు ఆడారు. మొత్తం 112 గేములు అయ్యాయి. అమెరికాలో న్యూపోర్ట్‌కు చెందిన జిమ్మీ వాన్ ఆలెన్ ఇలాంటి సాగదీత పోవాలని ఏళ్ళ తరబడి పోరాడుతున్నాడు. ఆయన ఆలోచన 1970 యూఎస్ ఓపెన్‌లో అమల్లోకి వచ్చింది. అప్పటి పద్ధతిలో ముందు ఐదు పాయింట్లు గెలిచినవాళ్ళదే సెట్టు. నాలుగు-నాలుగు అయితే ఆ తర్వాతి ఒక్క పాయింటుతో తేలిపోయేది. అది మరీ అదృష్టపు ఆటలా ఉందని ఆటగాళ్ళు ఒప్పుకోలేదు. ఏడు పాయింట్లు, రెండు పాయింట్ల తేడా అనే ఇప్పటి పద్ధతి నిలబడింది. వింబుల్డన్ 1971లో టై బ్రేక్‌ను తీసుకున్నా, మొదట్లో ఎనిమిది-ఎనిమిది దగ్గర ఆడించేది. ఆరు-ఆరు దగ్గరికి 1979లో వచ్చింది.

ఇక ఆటలోకి వద్దాం. టై బ్రేక్‌లో పదిహేను, ముప్ఫై, నలభై ఉండవు. ఒకటి, రెండు, మూడు అని మామూలుగానే లెక్కపెడతాం. ముందు ఏడు పాయింట్లు తెచ్చుకున్నవాళ్ళది సెట్టు, కానీ రెండు పాయింట్ల తేడా ఉండాలి. 7-5 సరిపోతుంది, 7-6 సరిపోదు. 8-6, 9-7, 10-8 అంటూ తేడా వచ్చేదాకా ఆడాలి. 1980 వింబుల్డన్ ఫైనల్ నాలుగో సెట్టులో బోర్గ్, మెకన్రోల మధ్య టై బ్రేక్ 18-16 దాకా సాగింది. ఆ సెట్టు మెకన్రోది, మ్యాచ్ బోర్గ్‌ది.

మొదటి సర్వీస్ ఎవరిదన్నది అసలు వాదించాల్సిన విషయమే కాదు. టై బ్రేక్ అంటే పదమూడో గేమ్. పన్నెండో గేమ్ ఎవరు సర్వ్ చేశారో వాళ్ళ తర్వాతి వంతు ఎవరిదో వాళ్ళే మొదలుపెడతారు. సింగిల్స్ అయినా డబుల్స్ అయినా ఆ వంతు సెట్టులో మొట్టమొదటి గేమ్ సర్వ్ చేసిన వ్యక్తికే వస్తుంది. డబుల్స్‌లో నలుగురి వంతులు మూడుసార్లు తిరిగితే పన్నెండు గేములవుతాయి, పదమూడోది మళ్ళీ మొదటి మనిషిదే. కాబట్టి సందేహం వస్తే "ఈ సెట్టు ఎవరు మొదలుపెట్టారు?" అని గుర్తు చేసుకుంటే చాలు. పన్నెండో గేమ్ ఎవరిదో మరిచిపోయినా, సెట్టు మొదలుపెట్టింది ఎవరో నలుగురిలో ఒకరికైనా గుర్తుంటుంది.

ఆ మొదటి మనిషి ఒక్క పాయింటు మాత్రమే సర్వ్ చేస్తారు. తర్వాతి రెండు పాయింట్లు అవతలివాళ్ళవి. ఆ తర్వాత రెండు ఇటు, రెండు అటు. ఇలా చివరిదాకా. మొదట ఒకటే ఎందుకన్నది చాలామందికి అర్థం కాని సంగతి. టెన్నిస్‌లో సర్వ్ చేసేవాళ్ళకు మొగ్గు ఉంటుంది. అందరూ రెండేసి చొప్పున వేస్తే, రెండు పాయింట్లు అయ్యేసరికి ఒకరు రెండూ వేసి ఉంటారు, రెండోవారు ఒక్కటీ వేసి ఉండరు. ఒక్కొక్కటి చొప్పున మార్చుకుంటే ప్రతి జంటలోనూ ముందు వేసే అవకాశం ఎప్పుడూ ఒకరికే దక్కుతుంది, పైగా ఆయనకు ప్రతిసారీ కుడి పక్కే వస్తుంది. మొదట ఒకటి, తర్వాత రెండేసి అన్న పద్ధతిలో మొత్తం పాయింట్లు రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, ఇలా ఏ సరి సంఖ్య దగ్గర ఆగి చూసినా ఇద్దరూ సమానంగా సర్వ్ చేసి ఉంటారు. రెండు పాయింట్ల తేడా వచ్చాక ముగిసే టై బ్రేక్‌లో చివరి మొత్తం, ఆరు-ఆరు తర్వాత ఎప్పుడూ సరి సంఖ్యే. అంటే ఎంత పొడవు సాగినా ఎవరికీ ఒక సర్వీస్ ఎక్కువ దక్కదు. ఈ ఏర్పాటు నాకు ఈ ఆట నియమాలన్నిటిలోకీ అందంగా కనిపిస్తుంది.

దీన్నుంచే కోర్టు మీద పనికొచ్చే గుర్తు ఒకటి దొరుకుతుంది. మొత్తం బేసి అయితే సర్వీస్ చేతులు మారాలి. ఒకటి, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది, పదకొండు అయినప్పుడల్లా బంతులు అవతలివాళ్ళకు వెళ్ళాలి. మొత్తం సరి అయితే ఇప్పుడు వేసినవారే ఇంకొకటి వెయ్యాలి. స్కోరు 4-3 అంటే మొత్తం ఏడు, సర్వర్ మారాలి. 5-3 అంటే ఎనిమిది, అదే సర్వర్‌కు ఇంకొకటి ఉంది. ఇంకా గట్టి ఆధారం కావాలంటే, మొత్తం నాలుగు, ఎనిమిది, పన్నెండు అయినప్పుడు టై బ్రేక్ మొదలుపెట్టిన వైపువాళ్ళ చేతిలోనే సర్వీస్ ఉండాలి. లేదంటే ఎక్కడో తప్పు జరిగింది.

ఏ పక్కనుంచి వెయ్యాలన్నదానికీ ఇదే లెక్క. మొత్తం సరి అయితే కుడి పక్కనుంచి, బేసి అయితే ఎడమ పక్కనుంచి. మొదటి పాయింటుకు స్కోరు 0-0 కాబట్టి కుడి. ఆ తర్వాత ప్రతి సర్వరూ తన రెండిట్లో మొదటిది ఎడమ పక్కనుంచి, రెండోది కుడి పక్కనుంచి వేస్తారు. మామూలు గేములో ఎప్పుడూ కుడి పక్కనుంచే మొదలుపెట్టే అలవాటు వల్ల, టై బ్రేక్‌లో రెండో సర్వర్ కాళ్ళు తెలియకుండానే కుడి పక్కకు వెళ్ళిపోతాయి. క్లబ్బుల్లో ఎక్కువగా జరిగే పొరపాట్లలో ఇదొకటి.

ఇప్పుడు సైడ్ మారడం. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది ఆరు-ఆరు దగ్గరే వస్తుంది. చాలామంది టై బ్రేక్ మొదలవుతోంది కదా అని సైడ్ మారిపోతారు. అది తప్పు. సెట్టులో బేసి గేములు పూర్తయినప్పుడే సైడ్ మారాలి, ఒకటి, మూడు, ఐదు, అలా. స్కోరు 6-5 అయినప్పుడు పదకొండు గేములు, అప్పుడు మారిపోయాం. 6-6 అంటే పన్నెండు, సరి సంఖ్య. ఎవరున్నచోట వాళ్ళుండి టై బ్రేక్ మొదలుపెట్టాలి. కుర్చీల్లో కూర్చోవడం కూడా లేదు.

టై బ్రేక్‌లోపల ప్రతి ఆరు పాయింట్లకోసారి సైడ్ మారాలి. మొత్తం ఆరు, పన్నెండు, పద్దెనిమిది అయినప్పుడు. అక్కడా విశ్రాంతి ఉండదు, మంచినీళ్ళు తాగుతూ కూర్చోకుండా నెట్ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళిపోవాలి. రెండో చిక్కు ఇక్కడుంది. ఆరు సరి సంఖ్య. అంటే ఆరో పాయింటు వేసిన సర్వర్‌కు ఇంకొకటి మిగిలి ఉంది. ఆయన ఒకటి ఈ వైపునుంచి వేసి, సైడ్ మారాక రెండోది ఆ వైపునుంచి వెయ్యాలి. సైడ్ మారేటప్పుడు నాలుగు మాటలు మాట్లాడుకుంటూ నడుస్తారు, బంతులు ఎవరి జేబులోనో ఉంటాయి, అవతలికి వెళ్ళేసరికి సర్వీస్ కూడా మారిందన్న భ్రమ కలుగుతుంది. మూడు-మూడు తర్వాత తప్పు సర్వర్ వెయ్యడం ఇందువల్లే. అలవాటు చేసుకోవాల్సింది ఒక్కటే: సైడ్ మారేటప్పుడు సర్వర్ బంతులు తనతోనే పట్టుకెళ్ళాలి.

మొత్తం ఒక్కసారి ఆడి చూద్దాం. డబుల్స్ అనుకుందాం. ఒక వైపు మాస్టారు, బ్యాంకు మేనేజరు. రెండో వైపు డాక్టరు, కాంట్రాక్టరు. సెట్టు మాస్టారి సర్వీస్‌తో మొదలైంది, తర్వాత డాక్టరు, ఆ తర్వాత మేనేజరు, ఆ తర్వాత కాంట్రాక్టరు. స్కోరు ఆరు-ఆరు. పన్నెండో గేమ్ సర్వ్ చేసింది కాంట్రాక్టరు.

మాస్టారు కుడి పక్కనుంచి ఒక్కటి వేశారు, గెలిచారు. 1-0. మొత్తం బేసి, సర్వీస్ మారింది. డాక్టరు ఎడమ పక్కనుంచి వేసి గెలిచి 1-1 చేశారు, కుడి పక్కనుంచి వేసి అదీ గెలిచారు. మాస్టారి జట్టు వైపునుంచి చూస్తే 1-2. మొత్తం మూడు, మళ్ళీ మారింది. ఇప్పుడు సర్వీస్ మాస్టారిది కాదు, మేనేజరుది. సెట్టులో వచ్చిన వరసే టై బ్రేక్‌లోనూ సాగుతుంది. ఆయన ఎడమ పక్కనుంచి గెలిచి 2-2, కుడి పక్కనుంచి ఓడి 2-3. తర్వాత కాంట్రాక్టరు. ఎడమ పక్కనుంచి వేసిన పాయింటు పోగొట్టుకున్నారు, 3-3. మొత్తం ఆరు, నలుగురూ సైడ్ మారారు. బంతులు ఇంకా కాంట్రాక్టరు దగ్గరే ఉన్నాయి, కొత్త వైపునుంచి కుడి పక్క వేసి గెలిచారు, 3-4.

మొత్తం ఏడు. వరస ఒక చుట్టు తిరిగింది, మళ్ళీ మాస్టారు. ఈసారి రెండు. రెండూ గెలిచారు, 5-4. డాక్టరు సర్వీస్‌లో ఒకటి అటు, ఒకటి ఇటు, 6-5. ఇప్పుడు మాస్టారి జట్టుకు సెట్ పాయింట్, సర్వీస్ మేనేజరుది. ఎడమ పక్కనుంచి వేసిన ఆ పాయింటు పోయింది, 6-6. మొత్తం పన్నెండు, ఇంకోసారి సైడ్ మారారు. మేనేజరు తన రెండోది కుడి పక్కనుంచి వేసి గెలిచారు, 7-6. తేడా ఒకటే కాబట్టి ఆట అయిపోలేదు. మొత్తం పదమూడు, సర్వీస్ కాంట్రాక్టరుకు వెళ్ళింది. ఆ పాయింటు మాస్టారి జట్టు గెలుచుకుంది. 8-6, సెట్టు 7-6. పద్నాలుగు పాయింట్లలో చెరో జట్టుకూ ఏడేసి సర్వీసులు వచ్చాయి.

పేపర్లో ఈ సెట్టు 7-6(6) అని వస్తుంది. కుండలీకరణంలో ఉండేది ఓడినవాళ్ళ పాయింట్లు. గెలిచినవాళ్ళవి మనమే లెక్కకట్టుకోవచ్చు. ఓడినవాళ్ళవి ఐదు లేదా తక్కువైతే గెలిచినవాళ్ళవి ఏడు, ఆరు లేదా ఎక్కువైతే దానికి రెండు కలపాలి. 2015లో హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా, మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచిన ఫైనల్ స్కోరు 5-7, 7-6(4), 7-5. మొదటి సెట్టు పోయింది. రెండో సెట్టు టై బ్రేక్ కూడా మకరోవా, వెస్నినా జోడీకి పోయి ఉంటే ఆట అక్కడితో సరి. ఆ నాలుగు అంకెను బట్టి టై బ్రేక్ 7-4తో ముగిసిందని, పదకొండు పాయింట్లలో సైడ్ ఒక్కసారే మారారని మనం ఇంట్లో కూర్చుని చెప్పొచ్చు. మూడో సెట్టులో 2-5 వెనకబడి కూడా వాళ్ళు గెలిచారు.

టై బ్రేక్ అయ్యాక వచ్చే సెట్టును ఎవరు మొదలుపెట్టాలి? టై బ్రేక్ ఎవరు గెలిచారన్నదానితో పని లేదు. టై బ్రేక్‌లో ముందు సర్వ్ చేసిన జట్టు, కొత్త సెట్టు మొదటి గేములో రిసీవ్ చేస్తుంది. మన ఉదాహరణలో డాక్టరు జట్టుది సర్వీస్. ఇద్దరిలో ఎవరు మొదలుపెట్టాలన్నది వాళ్ళిష్టం, కొత్త సెట్టులో జట్టులోపలి వరస మార్చుకోవచ్చు. టై బ్రేక్‌ను ఒక గేముగా లెక్కేస్తే సెట్టులో పదమూడు గేములు, బేసి సంఖ్య. అందుకే సెట్టు ముగియగానే సైడ్ మారాలి.

పొరపాటు జరిగితే ఏం చెయ్యాలి? క్లబ్బుల్లో అసలు గొడవ ఇక్కడే. "పాయింటు మళ్ళీ ఆడదాం", "మొదట్నుంచి మొదలుపెడదాం" అని ఎవరికి తోచింది వారంటారు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమాల్లో దీనికి స్పష్టమైన జవాబుంది. మొదటి సూత్రం, ఆడేసిన పాయింట్లు చెల్లుతాయి. దేన్నీ వెనక్కి తీసుకోకూడదు. తప్పు పక్కనుంచి సర్వ్ చేశారని తెలిస్తే, తెలిసిన దగ్గర్నుంచి స్కోరు ప్రకారం ఏ పక్కో అక్కడికి వెళ్ళాలి. సైడ్ మారడం మర్చిపోయినా అంతే. ఆరు దగ్గర మారాల్సింది 4-4 దగ్గర గుర్తొస్తే అప్పుడే మారిపోవాలి. తర్వాతి మార్పు అక్కణ్ణుంచి ఆరు లెక్కపెట్టి కాదు, మొత్తం పన్నెండు అయినప్పుడే.

వంతు కాని జట్టు సర్వ్ చేసినప్పుడు మాత్రం సరి, బేసి చూడాలి. మాస్టారు మొదలుపెట్టాల్సిన టై బ్రేక్‌ను పొరపాటున డాక్టరు మొదలుపెట్టారనుకోండి. ఒక్క పాయింటు అయ్యాక, అంటే బేసి దగ్గర, తప్పు తెలిసింది. అప్పుడు మారిన వరసే కొనసాగాలి. తర్వాతి రెండు మాస్టారి జట్టువి. ఇక్కడ పాత వరసకు వెళ్తే, ఇప్పటికే ఒకటి వేసిన డాక్టరు జట్టు ఇంకో రెండు కూడా వేస్తుంది, వరసగా మూడు. అది అన్యాయం. అలా కాకుండా రెండు పాయింట్లు అయ్యాక, అంటే సరి దగ్గర తెలిసిందనుకోండి. డాక్టరు ఒకటి, మాస్టారి జట్టు ఒకటి వేసి సమానంగా ఉన్నారు. అప్పుడు వెంటనే అసలు వరసకు వెళ్ళిపోవాలి. మూడో పాయింటు డాక్టరు జట్టుకు రావాల్సింది కాబట్టి వాళ్ళే వేస్తారు. బేసి దగ్గర తెలిస్తే మారిన వరస, సరి దగ్గర తెలిస్తే అసలు వరస. ఈ నియమం తెలియక చాలా క్లబ్బుల్లో మాటా మాటా పెరుగుతోంది, తెలిసిన మనిషి ఒక్కరుంటే అర నిమిషంలో తేలిపోయే విషయం ఇది.

స్కోరు మీదే తేడా వస్తే, ఇద్దరూ ఒప్పుకున్న పాయింట్లు ఉంచి, వివాదంలో ఉన్నది మాత్రమే మళ్ళీ ఆడాలి. ఒకరు 5-3 అంటారు, ఇంకొకరు 4-4 అంటారు. మనకు నాలుగు, మీకు మూడు అన్నంతవరకూ ఇద్దరికీ అంగీకారమే. 4-3 నుంచి ఆడాలి. ఈ పరిస్థితి రాకుండా ఉండాలంటే ప్రతి పాయింటుకూ ముందు సర్వర్ స్కోరు గట్టిగా చెప్పాలి, తన స్కోరు ముందు, అవతలివారిది తర్వాత. అంపైర్ లేని ఆటలో అది సర్వర్ బాధ్యత.

సైడ్ మారడానికి ఇంకో పద్ధతి కూడా నియమాల్లో ఉంది, దాన్ని కోమన్ పద్ధతి అంటారు. ఇందులో మొదటి పాయింటు అవగానే సైడ్ మారతారు, ఆ తర్వాత ప్రతి నాలుగు పాయింట్లకు. అంటే మొత్తం ఒకటి, ఐదు, తొమ్మిది, పదమూడు అయినప్పుడు. సర్వీస్ వరసలో ఏ మార్పూ లేదు. అమెరికా టెన్నిస్ సంఘం లీగుల్లో ఈ పద్ధతే నడుస్తుంది, అక్కడ ఆడే మన తెలుగువాళ్ళకు ఇది అలవాటైన విషయమే. డబుల్స్‌కు ఇది మెరుగైనదని నా అభిప్రాయం. కారణం చెబుతాను.

డబుల్స్ సెట్టులో నలుగురి వరస, సైడ్ మార్పులు కలిసి ఒక చిత్రమైన ఫలితాన్నిస్తాయి. సెట్టంతా ఒక్కొక్కరూ ఎప్పుడూ ఒకే వైపునుంచి సర్వ్ చేస్తారు. మన ఆటలో మాస్టారు మొదటి గేమ్ ఉత్తరం వైపునుంచి వేశారనుకుంటే, సైడ్ మారాక డాక్టరుదీ ఉత్తరమే. మేనేజరుదీ కాంట్రాక్టరుదీ ఎప్పుడూ దక్షిణం. మామూలు పద్ధతి టై బ్రేక్‌లో ఇదంతా కలగాపులగం అవుతుంది. డాక్టరు సెట్టంతా ఉత్తరం నుంచి వేసి, టై బ్రేక్‌లో మొదటిసారి దక్షిణం నుంచి వెయ్యాల్సి వస్తుంది. చలికాలంలో ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య ఆడేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు, దక్షిణానికి ఎదురుగా నిలబడి బంతి పైకి ఎగరేసేవారికి, ముఖ్యంగా ఎడమచేతివాటం వారికి, ఎండ సూటిగా కళ్ళల్లో పడుతుంది. అందుకే జట్టులో ఎవరు ఏ వైపునుంచి వెయ్యాలో ముందే ఆలోచించి వరస పెట్టుకుంటారు. ఆ ఏర్పాటు సెట్టు తేలే వేళ చెడిపోతుంది.

కోమన్ పద్ధతిలో చూడండి. మాస్టారు ఉత్తరం నుంచి ఒకటి వేస్తారు. సైడ్ మారతారు. డాక్టరు ఉత్తరం నుంచే తన రెండూ వేస్తారు. మేనేజరు దక్షిణం నుంచి తన రెండూ. మొత్తం ఐదు, మళ్ళీ సైడ్ మారతారు. కాంట్రాక్టరు దక్షిణం నుంచి. తర్వాత మాస్టారు ఉత్తరం నుంచి. ఎవరి వైపు వారికే ఉంటుంది. పైగా సైడ్ మార్పు ఎప్పుడూ బేసి సంఖ్య దగ్గరే వస్తుంది కాబట్టి సర్వర్ మార్పుతో కలిసి వస్తుంది. ఒక సర్వర్ రెండు పాయింట్లు రెండు వైపులనుంచి వెయ్యాల్సిన అవస్థ ఉండదు, మూడు-మూడు దగ్గరి భ్రమకు చోటే ఉండదు. సింగిల్స్‌లో మాత్రం టీవీలో చూసి అలవాటైన ఆరు పాయింట్ల పద్ధతే హాయి.

ఇప్పుడు చాలా క్లబ్బు టోర్నమెంట్లలో చెరో సెట్టు అయితే మూడో సెట్టు ఆడకుండా పది పాయింట్ల టై బ్రేక్ పెడుతున్నారు. 2022 నుంచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ ఆఖరి సెట్టు ఆరు-ఆరు అయితే పది పాయింట్లదే. సర్వీస్ వరస, పక్కలు, సైడ్ మార్పు అన్నీ ఏడు పాయింట్లదానిలాగే. రెండు పాయింట్ల తేడా ఇక్కడా ఉండాలి. మూడో సెట్టు బదులుగా ఆడేటప్పుడు ముందు సర్వీస్ ఎవరిదంటే, రెండో సెట్టు ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి వంతు ఏ జట్టుదో వాళ్ళది. టాస్ వెయ్యనక్కర్లేదు. డబుల్స్‌లో కొత్త సెట్టులాగే, జట్టులో ఎవరు ముందు వెయ్యాలో మళ్ళీ నిర్ణయించుకోవచ్చు.

క్లబ్బు కార్యదర్శులకు ఒక విన్నపం. టోర్నమెంటు పెట్టేటప్పుడు డ్రా పక్కనే రెండు విషయాలు రాసి అంటించండి: సైడ్ మారేది ఆరు పాయింట్లకా కోమన్ పద్ధతిలోనా, మూడో సెట్టు పూర్తిగానా పది పాయింట్ల టై బ్రేకా. ఈ రెండూ మ్యాచ్ మొదలవకముందే తేలాలి. ఆరు-ఆరు దగ్గర నెట్ పక్కన నిలబడి తేల్చుకునే విషయాలు కావివి.